మీటర్ జెన్యూన్ అని రాస్తే సరిపోదు

పాత కార్లు కొని అమ్మే దుకాణాన్ని తెలుగు ఊళ్లలో కన్సల్టెన్సీ అంటారు. కన్సల్టెన్సీల వాళ్లు ఆన్‌లైన్‌లోనూ వాట్సాప్‌లోనూ పెట్టే ప్రకటనలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. 'డిజైర్ వీఎక్స్‌ఐ, 2018 మోడల్, మీటర్ జెన్యూన్, నాన్ యాక్సిడెంటల్, షోరూమ్ కండిషన్, టైర్లు గుడ్, 5.50 లక్షలు, కొంచెం తగ్గిస్తాం, సీరియస్ బయ్యర్స్ మాత్రమే కాల్ చేయండి.' ఇందులో సరిచూసుకోవడానికి వీలున్నవి మోడల్, సంవత్సరం, ధర మాత్రమే. మిగతా మాటలు ఏ కారు పక్కన పెట్టినా అతుకుతాయి. అందువల్ల చదివినవాడికి ఆ కారు గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఫోన్ చేసి అడగడానికి కూడా ధర తప్ప ఏమీ మిగలదు కాబట్టి 'లాస్ట్ ఎంతకిస్తారు?' అని అడుగుతాడు. రోజుకు నలభై ఫోన్లు వచ్చినా ఒక్కరూ కారు చూడటానికి రావడం లేదని దుకాణదారు విసుక్కుంటాడు గానీ, ఆ నలభై ఫోన్లను పిలిచింది ఆ ప్రకటనే. 'సీరియస్ బయ్యర్స్ మాత్రమే' అన్న మాట ఎవరినీ ఆపదు, ఎందుకంటే ఫోన్ చేసే ప్రతివాడూ తాను సీరియస్‌గానే ఉన్నాననుకుంటాడు.

నిజంగా కొనేవాడి పరిస్థితి వేరు. అతను గుడివాడ నుంచో ఏలూరు నుంచో రావాలి. పనికి సెలవు పెట్టాలి, తెలిసిన మెకానిక్‌ను బతిమాలి వెంట తెచ్చుకోవాలి, అతనికి కూలి ఇవ్వాలి. తీరా వచ్చాక ఫోన్‌లో చెప్పిన కారు ఒకటి, కళ్లముందున్నది ఇంకొకటి అయితే ఆ రోజంతా వృథా. ఒకటి రెండుసార్లు అలా దెబ్బతిన్నవాడు ప్రకటనలో వెతికేది పొగడ్త కాదు, బయలుదేరవచ్చా లేదా అన్న సంగతి. ఆ సంగతి తేల్చి చెప్పగలిగితే కాలక్షేపం ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి, రావలసినవాడు వస్తాడు. అలా తేల్చి చెప్పడం ఎలాగో ఒక కారును ముందు పెట్టుకుని చూస్తే బాగా అర్థమవుతుంది.

విజయవాడలోని ఒక చిన్న కన్సల్టెన్సీకి ఒక డిజైర్ వచ్చిందనుకుందాం. వీఎక్స్‌ఐ పెట్రోల్, 2018 మార్చిలో తయారై మేలో రిజిస్టర్ అయింది. ఏపీ 16 నంబరు. అమ్మినాయన రెండో ఓనర్, మచిలీపట్నం వాసి. మీటర్ మీద 71,400 కిలోమీటర్లు. బయటికి నీటుగానే ఉంది. ఇలాంటి కారుకు పైన చెప్పిన అచ్చు ప్రకటన రాయడానికి రెండు నిమిషాలు చాలు. నికార్సైన ప్రకటన రాయాలంటే ముందు ఒక పూట కారు దగ్గర కూర్చోవాలి. ఆ పూటంతా జరిగే పని ఒక్కటే: కారు గురించి తెలిసిన ప్రతి సంగతీ ఎక్కడినుంచి తెలిసిందో విడదీయడం. కొన్ని కాగితం చెబుతుంది. కొన్ని దుకాణంలో కళ్లతో చూసి, కొలిచి తెలుసుకున్నవి. కొన్ని కేవలం పాత ఓనర్ నోటిమాట. ప్రకటనల్లో అబద్ధాలు ఎక్కువగా పుట్టేది కావాలని చెప్పడం వల్ల కాదు, ఈ మూడింటినీ కలిపేయడం వల్ల. ఓనర్ చెప్పిన మాట దుకాణదారు నోట హామీగా మారిపోతుంది.

మీటర్ సంగతే చూద్దాం. 'మీటర్ జెన్యూన్' అని ఖాయంగా చెప్పగలిగినవాడు ఎవరూ లేడు. డిజిటల్ మీటర్‌లో అంకె తగ్గించడం చిన్న పరికరంతో కొద్ది నిమిషాల్లో అయ్యే పని. కానీ కంపెనీ షోరూమ్‌లో సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు కిలోమీటర్లు రికార్డులో పడతాయి. ఈ డిజైర్‌కు 2022 నవంబరులో చివరి షోరూమ్ సర్వీసు జరిగింది, అప్పటికి 52,180. నాలుగున్నరేళ్లలో అంత తిరిగిందంటే ఏడాదికి పదకొండు, పన్నెండు వేల చొప్పున. ఆ తర్వాత ఓనర్ బయటి మెకానిక్ దగ్గర చేయించాడు. కిలోమీటర్లు రాసిన బిల్లులు రెండే ఉన్నాయి, 2023లో 58,900, 2024 జూన్‌లో 64,300. ఆ లెక్కన 2025 నవంబరుకు 71,400 సహజమైన అంకె. ప్రకటనలో రాయాల్సింది ఈ లెక్కే: మీటర్ మీద ఎంత ఉంది, షోరూమ్ రికార్డు ఎంతవరకు ఉంది, ఆ తర్వాత ఏ ఆధారాలున్నాయి. 'జెన్యూన్' అన్న మాటే అక్కర్లేదు. చదివినవాడు తనకు తానే ఆ నిర్ణయానికి వస్తాడు, అలా వచ్చిన నిర్ణయం మీద నమ్మకం కూడా ఎక్కువ. స్టీరింగ్ మీద చేయి పడేచోట తోలు నునుపెక్కిందా, క్లచ్ పెడల్ రబ్బరు అరిగిందా, డ్రైవర్ సీటు అంచు కుంగిందా అనేవి కూడా అంకెకు తగ్గట్టుగా ఉండాలి. అవి ఫొటోలో కనిపిస్తే చాలు, రాయనక్కర్లేదు.

డిజైర్ విషయంలో ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. ఈ మోడల్ టాక్సీగా ఎక్కువ తిరుగుతుంది. పసుపు ప్లేటు బండిని తర్వాత సొంత బండిగా మార్పించి తెల్ల ప్లేటుతో అమ్మడం చట్టబద్ధమే, కానీ ఆ సంగతి దాచడం మోసం. అందుకే 'మొదటినుంచీ సొంత బండిగానే రిజిస్ట్రేషన్' అన్న చిన్న వాక్యం డిజైర్ ప్రకటనలో తప్పకుండా ఉండాలి. బాలెనో ప్రకటనలో అదే వాక్యానికి అంత విలువ లేదు. ఏ మోడల్‌కు ఏ అనుమానం సహజమో తెలిసి రాసిన ప్రకటన, రాసినవాడికి కార్లు తెలుసని చెప్పకనే చెబుతుంది.

తర్వాత ఒళ్లు చూడాలి. 'నాన్ యాక్సిడెంటల్' అన్న మాటకు స్థిరమైన అర్థం లేదు. బండి తుక్కయ్యేలా గుద్దుకోలేదని ఒకరు చెబుతారు, ఒక్క గీత కూడా పడలేదని ఇంకొకరు అర్థం చేసుకుంటారు. విజయవాడ సందుల్లో ఏడేళ్లు తిరిగిన కారుకు ఎక్కడా రంగు పడలేదంటే నమ్మడం కష్టం. రంగు మందం కొలిచే గేజ్ అని అరచేతిలో పట్టే పరికరం ఉంటుంది. రేకు మీద ఆనిస్తే మైక్రాన్లలో అంకె చూపిస్తుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 140 మధ్యలో ఉంటుంది. పైన మరోసారి రంగు వేస్తే 200 దాటుతుంది. లోపల పుట్టీ పెట్టి చదును చేసి ఉంటే 500, వెయ్యి కూడా చూపించవచ్చు. ఈ డిజైర్‌లో రూఫ్ 104, బానెట్ 110, కుడివైపు తలుపులు 105, 112. ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి 245. అదే తలుపు కింది భాగంలో హ్యాండిల్‌కు జానెడు దిగువన 380. అంటే అక్కడ సొట్ట పడితే పలచగా పుట్టీ పెట్టి తలుపంతా రంగు వేశారు. ఎండలో పక్కనుంచి చూస్తే ఆ తలుపు వెండిరంగు ముందు తలుపు కంటే ఒక్క పిసరు ముదురుగా ఉన్నట్టు అప్పుడు తెలుస్తుంది. అంకె తెలియకముందు అది కంటికి ఆనదు.

గేజ్ రేకు మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు. కాబట్టి బంపర్ సంగతి గేజ్ తేల్చలేదు, అంచుల్లో ఖాళీ సమానంగా ఉందా లేదా అని కన్నే చూడాలి. తలుపు రంగు కన్నా ముఖ్యమైనది లోపలి అస్థిపంజరం. బానెట్ ఎత్తి రెండువైపులా ఏప్రాన్లు, ఫెండర్ బోల్టుల తలలు, తలుపులు తీసి పిల్లర్ల దగ్గర రబ్బరు బీడింగ్ కింద వెల్డింగ్ చుక్కలు చూస్తారు. బోల్టు తల మీద రంగు చెదిరి ఉంటే స్పానర్ పడిందని అర్థం. వెల్డింగ్ చుక్కలు వరసగా, గుండ్రంగా లేకపోతే ఆ భాగం కోసి అతికారని అర్థం. ఈ కారులో అవన్నీ చెక్కుచెదరలేదు. కాబట్టి 'నాన్ యాక్సిడెంటల్' అని ఊరుకోకుండా ఇలా రాయవచ్చు: 'ఎడమ వెనక తలుపుకు సొట్ట తీసి రంగు వేశారు, గేజ్ 245 నుంచి 380. మిగతా రేకులన్నీ 104 నుంచి 118. ఏప్రాన్లు, పిల్లర్లు, ఫెండర్ బోల్టులు విప్పిన గుర్తులు లేవు.' ఇది చదివిన మెకానిక్ ఫోన్‌లోనే తన కస్టమర్‌తో, బండి చూడదగ్గదే అంటాడు.

విజయవాడలో కారు అమ్మేవాడు తప్పించుకోలేని ప్రశ్న ఇంకొకటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి నగరంలో పెద్ద భాగం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. వేల ఇళ్లముందు కార్లు మునిగాయి. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల కారు కొనేవాడి మనసులో మొదటి అనుమానం నీళ్లే. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదల తర్వాత, చెన్నైలో 2015 డిసెంబరు తర్వాత కూడా ఇదే జరిగింది. మునిగిన కారును ఉతికి, సీట్లు మార్చి, సెంటు కొట్టి వేరే ఊరికి పంపితే కొన్ని నెలలు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత వైరింగ్ కనెక్టర్లలో తుప్పు మొదలై, ఒకరోజు పవర్ విండో, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు, మరోరోజు అసలు స్టార్టే కాకపోవడం వరకు వస్తుంది. ఎక్కడ లోపమో ఏ మెకానిక్‌కూ ఒక పట్టాన దొరకదు.

ఈ అనుమానానికి 'ఫ్లడ్ కారు కాదు' అన్న మూడు మాటలు జవాబు కావు. సీటు బెల్టును చివరిదాకా పూర్తిగా లాగి చూస్తారు. రోజూ బయటికి వచ్చే రెండు మూడు అడుగులు ఎవరైనా శుభ్రం చేస్తారు గానీ చుట్టలోపల ఉండే చివరి మూర మీద బురద చార అలాగే ఉండిపోతుంది. సీట్ల కింద పట్టాల బోల్టులు, డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తితే కనిపించే రేకు, స్టెప్నీ తీసిన గుంట, ఫ్యూజ్ బాక్స్ లోపలి ఇత్తడి అంచులు చూస్తారు. ఈ నాలుగు చోట్ల మెత్తటి ఒండ్రు గానీ ఎర్రటి తుప్పు గానీ ఉంటే నీళ్లు లోపలికి వచ్చినట్టే. ఈ డిజైర్‌లో అవి లేవు. వరద రోజుల్లో కారు మచిలీపట్నంలో ఉందని ఓనర్ చెప్పాడు. ఇక్కడే విడదీయడం అవసరం. ప్రకటనలో 'బెల్టులు పూర్తిగా లాగి, కార్పెట్ ఎత్తి, స్టెప్నీ గుంట చూశాం, బురద గానీ తుప్పు గానీ లేదు, ఫొటోలు పెట్టాం' అన్నది చూసిన సంగతి. 'వరద సమయంలో కారు మచిలీపట్నంలో ఉందని పాత ఓనర్ చెప్పారు' అన్నది విన్న సంగతి. రెండూ రాయవచ్చు, రెండో దానికి 'ఓనర్ చెప్పారు' అన్న మాట తప్పకూడదు. ఆ చిన్న మాట వల్ల ప్రకటన బలహీనపడుతుందని దుకాణదార్లు భయపడతారు. నిజానికి ఒక్కచోట 'ఇది మాకు తెలిసింది కాదు, విన్నది' అని ఒప్పుకున్నవాడు మిగతాచోట్ల 'చూశాం' అంటే జనం నమ్ముతారు.

లోపాలు రాయడంలో అసలు కిటుకు కొలతలో ఉంది. 'చిన్నచిన్న గీతలున్నాయి', 'క్లచ్ కొంచెం వీక్', 'టైర్లు పర్వాలేదు' అన్నవి నిజాయితీగా కనిపించే మసక మాటలు. క్లచ్ కొంచెం వీక్ అంటే కొనేవాడు అన్నిటికన్నా చెడ్డ అర్థాన్నే ఊహించుకుంటాడు. లోపం ఎక్కడ ఉంది, ఎంత ఉంది, బాగుచేయిస్తే ఎంత ఖర్చవుతుంది అన్న మూడూ చెప్పినప్పుడు భయం పోయి లెక్క మిగులుతుంది. ఈ కారులో ముందు టైర్లు రెండూ కొత్తగా మార్చినవి. టైరు పక్కన గుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ముందు టైర్ల మీద 3122, అంటే 2022లో 31వ వారం. వెనక టైర్ల మీద 0918. అవి కారుతోపాటు వచ్చినవే. గాడి లోతు చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువే ఉంది గానీ ఏడేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి పక్కన సన్నటి పగుళ్లు వచ్చాయి. గాడి బాగుంది కాబట్టి 'టైర్లు గుడ్' అని రాయడం మాటవరసకు అబద్ధం కాకపోవచ్చు. కానీ హైవే మీద ఆ టైరు పేలితే ఆ మాట ఎవరిని కాపాడుతుంది? 'వెనక టైర్లు రెండూ 2018వి, పక్కన పగుళ్లున్నాయి, మార్చుకోవాలి, రెంటికీ సుమారు 9,000' అని రాయడమే మర్యాద. అలాగే క్లచ్ పెడల్ చాలా పైకి వచ్చాక గానీ పట్టడం లేదు. అది ఇంకొన్ని నెలలు నడుస్తుంది, మార్పిస్తే ఈ దుకాణం వాడే మెకానిక్ లెక్కన పదివేల లోపు. ఇది కూడా అంకెతోనే రాయాలి.

ఈ లోపాలను ప్రకటన చివర్లో ఇరికించకూడదు. మోడల్, కిలోమీటర్లు, ధర చెప్పిన వెంటనే రావాలి. పవర్ విండోలున్నాయి, ఏసీ ఉంది, రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి అంటూ ఆ మోడల్ కార్లన్నిటికీ ఉన్నవాటిని ఆరు వాక్యాల్లో రాసి, ఏడో వాక్యంలో క్లచ్ గురించి చెబితే చదివినవాడు అంతదూరం రాడు. వచ్చినా, దాచబోయి చెప్పినట్టు అనిపిస్తుంది.

తర్వాత కాగితాలు. మంచి కారు బేరాలు కూడా ఎక్కువగా చెడేది ఇక్కడే, అందువల్ల ప్రకటనలో వీటికి చోటు ఇవ్వాలి. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది అన్నది మొదటి సంగతి. ఒకప్పుడు ఓనర్ చేత ఖాళీ ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని కారు దుకాణంలో పెట్టేవాళ్లు. కొన్నవాడి పేరు దొరికేదాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా, కాగితాల్లో పాత ఓనరే ఉండేవాడు. చలాన్ వచ్చినా ప్రమాదం జరిగినా ఆయన తలుపే తట్టేవారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి అధీకృత పత్రం తీసుకోవాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. కారు డీలరు దగ్గరికి చేరగానే ఆ సంగతి ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో నమోదు కావాలి. అప్పటినుంచి ఆ కారుకు బాధ్యత డీలరుది. అలా చేసిన దుకాణం ఆ సంగతి ప్రకటనలో ఒక వాక్యంగా రాసుకోవచ్చు. అది ఏ విశేషణం కన్నా గట్టి మాట, ఎందుకంటే కొనేవాడు దాన్ని సరిచూసుకోగలడు.

ఈ డిజైర్ మీద మొదట బ్యాంకు లోన్ ఉండేది, తీరిపోయింది. అయినా లోన్ తీరడం వేరు, ఆర్‌సీలో హైపోథికేషన్ తొలగడం వేరు. బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 పెట్టి తీసేయించేదాకా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంటుంది, పేరు మార్పిడి ముందుకు సాగదు. 'లోన్ క్లియర్' అని రాస్తే చాలదు, 'ఆర్‌సీలో హైపోథికేషన్ తొలగించారు' అనో, 'బ్యాంకు ఎన్‌ఓసీ చేతిలో ఉంది, తొలగింపుకు దరఖాస్తు పెట్టాం' అనో ఏది నిజమైతే అది రాయాలి. ఇన్సూరెన్స్ 2026 ఫిబ్రవరి వరకు ఉంది గానీ అది థర్డ్ పార్టీ మాత్రమే. 'ఇన్సూరెన్స్ ఉంది' అని రాస్తే చాలామంది ఫుల్ ఇన్సూరెన్స్ అనుకుంటారు. సొట్ట పడ్డ రోజున గానీ తేడా తెలియదు. పెండింగ్ చలాన్లు లేవు, రిజిస్ట్రేషన్ 2033 మే వరకు చెల్లుతుంది.

నంబరు ఏపీ 16 కావడం కూడా ఒక జల్లెడే. తెలంగాణ నుంచి ఫోన్ చేసేవాళ్లు తక్కువేమీ ఉండరు, ధర బాగుంటే హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రి బయలుదేరేవాళ్లు కూడా ఉన్నారు. కానీ కారును అక్కడికి మార్చుకోవాలంటే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తెచ్చుకుని అక్కడ కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ లెక్క తెలియక వచ్చినవాళ్లు టెస్ట్ డ్రైవ్ అయి, బేరం కుదిరి, టోకెన్ ఇవ్వబోయే సమయానికి వెనక్కి తగ్గుతారు. 'ఈ ధర ఆంధ్రప్రదేశ్‌లో పేరు మార్పిడికి. తెలంగాణ వాళ్లకు ఎన్‌ఓసీ ఇప్పిస్తాం, అక్కడి లైఫ్ ట్యాక్స్ మీది' అన్న రెండు వాక్యాలు అలాంటి అరడజను ప్రయాణాలను మిగిల్చుతాయి.

ఇక ధర. అలాంటి కార్లకు ఆ వారం అదే ఊళ్లో ఇతరులు 5,40,000 దాకా చెబుతున్నారనుకుందాం. టైర్లకు తొమ్మిది, క్లచ్‌కు పది తీసేసి, రంగు పడిన తలుపుకు ఇంకొంచెం తగ్గించి 5,15,000 పెట్టారు. ఆ తగ్గింపు ఎందుకో ప్రకటనలోనే చెప్పాలి. లేకపోతే వచ్చినవాడు అవే టైర్లు, అదే క్లచ్ చూపించి మళ్లీ ఇరవై వేలు కోయమంటాడు, అది అతని తప్పు కూడా కాదు. తెలుగు నేల మీద బేరం లేకుండా కారు అమ్ముడుపోదు. 'ఫిక్స్‌డ్ రేట్' అని రాసినా ఎవరూ నమ్మరు. 'కొంచెం తగ్గిస్తాం' అని రాస్తే మాత్రం ఫోన్‌లోనే వేలంపాట మొదలవుతుంది. వీటి మధ్య పనిచేసే మాట ఇది: 'ధర 5,15,000, టైర్లూ క్లచ్ ఖర్చు తీసేసి పెట్టింది. పేరు మార్పిడి ఖర్చు మాదే. ఫోన్‌లో బేరం లేదు, కారు చూశాక కూర్చుని మాట్లాడుకుందాం.' బేరానికి తలుపు తీసి ఉంది, కాకపోతే ఆ తలుపు కారు పక్కన ఉంది.

ఎక్స్చేంజ్ తీసుకుంటారా లేదా, మీడియేటర్లతో మాట్లాడతారా లేదా, లోన్ మీద కొంటే ముందే శాంక్షన్ లెటర్ ఉండాలా అన్నవి కూడా ఒక్కో వాక్యంలో తేల్చేయాలి. ఈ మాటల్లో గద్దింపు ఉండకూడదు. 'టైంపాస్ వాళ్లు కాల్ చేయొద్దు' అని రాసిన ప్రకటన మర్యాదస్తులను కూడా దూరం చేస్తుంది, టైంపాస్ వాళ్లకు మాత్రం అది పట్టదు. 'ఉదయం 10 నుంచి 1 లోపు రండి, ముందు రోజు చెబితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచుతాం, మీ మెకానిక్‌ను తెచ్చుకోండి' అన్నది పిలుపులాగే ఉంటుంది గానీ జల్లెడ పనీ చేస్తుంది. చల్లబడ్డ ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే పొగ, కటకట శబ్దం బయటపడతాయని కార్లు తెలిసినవాళ్లకు తెలుసు. ఇంజిన్ చల్లగా ఉంచుతామని దుకాణదారే అంటే వాళ్లు ఆగరు. ఊరికే తిరిగేవాడికి ముందు రోజు చెప్పి పది గంటలకు రావడం పెద్ద పని.

ఫొటోలకు తెల్లవారి నీడ మంచిది. కారు కడిగిన వెంటనే తడితో తీస్తే గీతలు కనిపించవు. కొందరు అందుకే అలా తీస్తారు, చూసేవాళ్లూ ఆ సంగతి పసిగట్టడం నేర్చుకున్నారు. నాలుగు మూలలనుంచి నాలుగు, ఇగ్నిషన్ ఆన్ చేసి మీటర్, ఇంజిన్, స్టెప్నీ తీసిన గుంట, పూర్తిగా లాగిన సీటు బెల్టు, టైరు మీద అంకెలు, రంగు పడిన తలుపు మీద గేజ్ ఆనించి అంకె కనిపించేలా. గీతలున్నచోట పక్కన రూపాయి నాణెం అంటించి తీస్తే ఎంత పొడవో మాటలు అక్కర్లేదు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేస్తూ సైలెన్సర్ కనిపించేలా అరనిమిషం వీడియో వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఇలా రాసిన ప్రకటన పెట్టాక ఫోన్లు తగ్గుతాయి. మొదటి రోజు నలభై వచ్చేచోట ఏడో ఎనిమిదో వస్తే దుకాణదారు గాభరాపడి మళ్లీ పాత అచ్చుకు వెళ్లిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. చూడాల్సింది ఫోన్ల లెక్క కాదు, అడిగే ప్రశ్న. 'లాస్ట్ ఎంత?' అని అడిగినవాడు ప్రకటన చదవలేదు. 'వెనక టైర్లు మీరే మార్చి ఇస్తే ఎంతవుతుందండి?', 'హైపోథికేషన్ తొలగింపు ఎన్నాళ్లు పడుతుందండి?' అని అడిగినవాడు చదివాడు, లెక్క వేసుకున్నాడు, రావడానికి సిద్ధంగా ఉన్నాడు. మొదటి రకంవాళ్లను కసురుకోనక్కర్లేదు. 'ఎడమ వెనక తలుపు గురించి రాశామండి, చూశారా?' అని ఒక్క మాట అడిగితే, కొనే ఉద్దేశం ఉన్నవాడు వెనక్కి వెళ్లి చదివి మళ్లీ చేస్తాడు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. గేర్‌బాక్స్ లోపల ఏముందో, పిస్టన్ రింగులు ఇంకెంత కాలం పనిచేస్తాయో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు. ఇంజిన్ కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి చూస్తే అప్పుడు నమోదై ఉన్న లోపాలే కనిపిస్తాయి, తుడిచేసినవి కనిపించవు. కాబట్టి 'ఇంజిన్‌కు గ్యారంటీ' అని రాసే బదులు, రాతపూర్వకంగా ఇవ్వగలిగినంతే రాయాలి, ఇవ్వలేకపోతే ఏమీ రాయకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనను నిర్వచించేటప్పుడు తప్పుడు వర్ణనతోపాటు ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్నీ, తప్పుడు హామీనీ చేర్చింది. అంటే తలుపు రంగు గురించి తెలిసీ రాయకపోవడం కూడా ఆ చట్టం కిందికి రావచ్చు. ప్రకటన స్క్రీన్‌షాట్ కొనేవాడి ఫోన్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది.

ప్రకటన పెట్టాక మారినవి కూడా దానిలోకి ఎక్కాలి. ఈ డిజైర్‌ను చూడటానికి వచ్చిన రెండో కుటుంబం వెనక టైర్లు మార్చి ఇస్తే తీసుకుంటామని అడిగింది, బేరం కుదరలేదు. దుకాణదారు మాత్రం టైర్లు మార్పించేశాడు. ఆ సాయంత్రమే 0918 ఉన్న ఫొటో తీసేసి కొత్త టైర్ల అంకెలు కనిపించే ఫొటో పెట్టాలి, 'మార్చుకోవాలి' అన్న వాక్యాన్ని 'మార్చాం' అని తిరగరాసి, ధరను 5,24,000 చేసి, పక్కన మార్చిన తేదీ వేయాలి. టోకెన్ అందిన రోజున ప్రకటనలో 'అడ్వాన్స్ తీసుకున్నాం' అని రాయాలి, డబ్బు పూర్తిగా చేతికొచ్చి కారు బయటికి వెళ్లిన రోజున ప్రకటనే తీసేయాలి. అమ్ముడుపోయిన మంచి కారును ఎరగా అక్కడే ఉంచి, ఫోన్ చేసినవాడికి 'అది పోయిందండి, ఇంకోటి ఉంది రండి' అనే అలవాటు చాలా దుకాణాల్లో ఉంది. గుడివాడ నుంచి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చినవాడు ఆ మాట విన్నాక, అదే దుకాణం పెట్టే తర్వాతి ప్రకటనలో గేజ్ అంకెలున్నా తెరిచి చదవడు.